అత్తగారింటి ఫంక్షన్‌కు రాలేనని చెప్పే మెసేజ్: కోడళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో, భర్త ఉద్యోగానికో హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో ఉంటూ, అత్తగారిల్లు హన్మకొండ, వరంగల్, జనగామ, పరకాల, నర్సంపేట వైపు ఉన్న కోడళ్ల ప్రశ్నలివి. ఇక్కడ మాట్లాడేది ఒకే ఒక్క పని గురించి. పిలుపు వచ్చింది, పోవడం కుదరదు, ఆ మాటను రాసి పంపాలి. మొదట రాసిన మెసేజ్ ముక్కుసూటిగా, కొట్టినట్టు ఉంది. దాన్ని మర్యాదగా ఎట్లా తిరగరాయాలో ఒక ఉదాహరణ పట్టుకొని చూద్దాం.

అసలు మెసేజ్ పెట్టొచ్చా, ఫోనే చేయాలా?

మిమ్మల్ని ఎట్లా పిలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలిచిన వాళ్లకు మెసేజ్‌తో రానని చెప్పడం బాగుండదు. వాళ్లు బస్సెక్కి వచ్చారు, మీ గడపలో కుంకుమ భరిణె తీశారు, మీరేమో రెండు వాక్యాలు టైప్ చేసి వదిలేశారు. ఆ లెక్క అందరికీ కనిపిస్తుంది. అటువంటి పిలుపుకు ముందు ఫోన్ చేయాలి, తర్వాత మెసేజ్.

వాట్సాప్‌లో కార్డు పంపి "అందరూ తప్పక రావాలి" అన్న దూరపు చుట్టాలకు మెసేజ్ చాలు. అటువంటి వాళ్లకు ఫోన్ చేసి పది నిమిషాలు కారణాలు చెబితే వాళ్లకే ఇబ్బంది.

ఇక సొంత అత్తమ్మ, ఆడబిడ్డ, పెద్దమామయ్య ఇంటి శుభకార్యమైతే వాళ్లు ఎట్లా పిలిచినా ఫోన్ తప్పదు. మరి మెసేజ్ ఎందుకంటే, ఫోన్‌లో మాట తడబడుతుంది. అవతలి వాళ్లు "అయ్యో, అట్లంటే ఎట్ల" అనగానే సగం మాట మింగేసి "సరే చూస్త" అనేస్తాం. అది వస్తానన్నట్టు కాదు, రానన్నట్టు కాదు. ఫోన్ తర్వాత పెట్టే మెసేజ్ ఆ గందరగోళాన్ని తీరుస్తుంది. పైగా అత్తమ్మ దాన్ని మామయ్యకు చదివి వినిపిస్తుంది, ఆడబిడ్డకు చూపిస్తుంది. అందుకే జాగ్రత్తగా రాయాలి.

ఎవరికి ముందు చెప్పాలి? పిలిచింది ఆడబిడ్డ కదా, ఆమెకే చెప్తే సరిపోదా?

సరిపోదు. ముందు అత్తమ్మకు, ఆ తర్వాత ఆడబిడ్డకు. అది కూడా ఒకే రోజు, గంట తేడాలో. ఆడబిడ్డకు ముందు చెప్తే ఆమె వెంటనే తల్లికి ఫోన్ చేసి "అమ్మా, నీ కోడలు రాదట గదా" అంటుంది. తన కోడలు సంగతి తనకు ఇంకొకరి నోట తెలిసిందన్నదే అత్తమ్మకు కష్టంగా ఉంటుంది. మీరు రాకపోవడం దాని తర్వాతి బాధ.

అంతకుముందు భర్తతో మాట ఒకటి చేసుకోవాలి. మీరు "సెలవు ఇవ్వలేదు" అని రాసి, ఆయన అటు తల్లితో "దానికి రావాలని లేదు" అన్నట్టు మాట్లాడితే ఎంత మంచి మెసేజ్ అయినా వృథా. ఆయనే ముందు చెప్తానంటే మంచిదే, కానీ ఆయన చెప్పాడని మీరు ఊరుకోవద్దు. కొడుకు చెప్తే కబురు, కోడలు చెప్తే మర్యాద అన్నట్టు చూస్తారు మా వైపు. న్యాయమా అంటే కాదనే అంటాను. అల్లుడు ఏదైనా ఫంక్షన్‌కు రాకపోతే ఎవరూ ఇన్ని ప్రశ్నలు వేయరు. కానీ ఈ ఆదివారం లోపు అది మారదు కాబట్టి మెసేజ్ సంగతి చూద్దాం.

ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

మీకు ఖాయంగా తెలిసిన రోజే. ముందురోజు రాత్రి వరకు ఆపి చెప్తే అది కారణం లాగా ఉండదు, సాకు లాగా ఉంటుంది. అత్తమ్మ అప్పటికే "మా కొడుకు కోడలు శనివారమే వస్తరు" అని నలుగురికి చెప్పి ఉంటుంది.

ఈ మెసేజ్‌లో తప్పేముంది? నిజమే రాశాను కదా.

ఉదాహరణ ఇది. కోడలు హైదరాబాద్‌లో బ్యాంకు ఆఫీసర్. అత్తమ్మ, మామయ్య హన్మకొండలో. భర్త అక్కను నర్సంపేట ఇచ్చారు. ఆమె కూతురి లంగా ఓణి ఫంక్షన్, మార్చి నెల చివరి ఆదివారం, నర్సంపేటలో ఫంక్షన్ హాలు. కోడలు రాత్రి పదకొండు దాటాక ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్:

"అత్తమ్మా సండే నాకు కుదరదు. బ్యాంకులో పని ఉంది. మీ కొడుకు వస్తాడు. సారీ."

ఇందులో అబద్ధం లేదు, తిట్టు లేదు. అయినా చదివిన అత్తమ్మ ఫోన్ పక్కన పెట్టేసి మామయ్యతో రెండు రోజులు ఆ మాటే అంటుంది. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, గ్రూపు. ఇరవై ముప్పై మంది చుట్టాల ముందు అత్తమ్మకు ఆ సంగతి తెలిసింది. ఆమెకు ఆలోచించుకోవడానికి నిమిషం కూడా దొరకలేదు. పైగా కింద ఎవరో ఒకరు ఏడుపు ముఖం బొమ్మ పెడతారు, ఇంకొకరు "అయ్యో ఎందుకు రావట్లే" అని అడుగుతారు, దానికి మీరు జవాబివ్వాలి.

రెండోది, ఫంక్షన్ మాటే లేదు. పాప పేరు లేదు, వదిన పేరు లేదు. ఎక్కడికి రానంటున్నారో ఆ సంబరం మీకు గుర్తున్నట్టే లేదు. "సండే" అనేది మీ క్యాలెండర్‌లోని రోజు, వాళ్లకది పాప ఫంక్షన్.

మూడోది, "బ్యాంకులో పని ఉంది". పని రోజూ ఉంటుంది. ఆదివారం బ్యాంకుకు సెలవని అందరికీ తెలుసు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైలెక్కితే సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి నర్సంపేట ఇంకో గంటపైన. "పొద్దున బయలెల్లి రాత్రికి పోవచ్చు గదా" అన్న ప్రశ్న అత్తమ్మ నోట్లో సిద్ధంగా ఉంది. ఈ కారణం ఆ ప్రశ్నకు నిలబడదు.

నాలుగోది, "మీ కొడుకు". భర్త మీద కోపమున్నప్పుడు వాడే మాట ఇది. అత్తమ్మకు రాసేటప్పుడు "ఆయన" అంటే సరిపోతుంది.

ఐదోది అన్నిటికంటే పెద్దది. లంగా ఓణి ఫంక్షన్‌లో పాపకు మేనమామ బట్టలు పెట్టాలి. ఇక్కడ మేనమామ అంటే ఈ కోడలి భర్త. బట్టలు పెట్టేటప్పుడు ఆయన పక్కన పీట మీద కూర్చొని పాపకు బొట్టు పెట్టాల్సింది ఆమే. అంటే ఆమె వందల మందిలో ఒక చుట్టం కాదు, ఆ రోజు కార్యంలో ఆమెకొక స్థానముంది. ఆ స్థానం ఖాళీ అవుతుందన్న ఊసే మెసేజ్‌లో లేదు.

మరి ఎట్లా తిరగరాయాలి?

రాసే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఈ మెసేజ్ అత్తమ్మ ఒక్కతే చదివి మరిచిపోయేది కాదు. ఫంక్షన్ హాల్లో గేటు దగ్గర మొదలుపెట్టి బంతి లేచేదాకా ఆమెను "కోడలేది, కోడలు రాలేదా" అని అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఆమె ఒక జవాబు చెప్పాలి. మీరు రాసే మెసేజ్ ఆమెకు ఆ జవాబు ఇవ్వాలి. తలెత్తి చెప్పుకోగలిగిన ఒక వాక్యం ఆమె చేతిలో పెట్టారా లేదా అన్నదే అసలు పరీక్ష.

మొదటి మెసేజ్ చదివిన అత్తమ్మ హాల్లో ఏం చెప్పగలదు? "ఏమో, పనుందట." అంతకంటే ఏమీ లేదు. అడిగిన వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

చాలామంది ఇది అర్థమయ్యాక రెండో చివరికి పోతారు. ఇట్లా రాస్తారు:

"గౌరవనీయులైన అత్తయ్య గారికి నమస్కారములు. అనివార్య కారణముల వలన శుభకార్యమునకు హాజరు కాలేకపోవుచున్నందుకు చింతిస్తున్నాను. దయచేసి క్షమించగలరు."

ఇది ఆఫీసుకు పెట్టే సెలవు చీటీ. రోజూ "అత్తమ్మా, తిన్నరా" అని అడిగే కోడలు ఒక్కసారిగా "గారు", "క్షమించగలరు" అంటే అత్తమ్మకు మర్యాద కనబడదు, దూరం కనబడుతుంది. "అనివార్య కారణములు" అంటే కారణం చెప్పను అనే. మీరు ఇంట్లో అత్తమ్మతో ఎట్లా మాట్లాడతారో అట్లే రాయండి. "మీరు" అని పిలిచేవాళ్లు "మీరు" అనే రాయాలి. చనువుగా "నువ్వు" అనే ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి, వాళ్లు అట్లే రాయొచ్చు. మెసేజ్ కోసం కొత్త వరస తెచ్చిపెట్టుకోవద్దు.

ఇప్పుడు తిరగరాసింది. పొద్దున ఫోన్ చేసి మాట్లాడిన తర్వాత, అత్తమ్మకు మాత్రమే విడిగా పంపింది:

"అత్తమ్మా, పొద్దున ఫోన్‌ల చెప్పిన గదా, మళ్లొక్కసారి రాస్తున్న. పాప ఫంక్షన్‌కు నేను రాలేకపోతున్న. మేనమామ బట్టలు పెట్టేటప్పుడు ఆయన పక్కన నేనుండాల్సింది, అదే నాకు బాధ. మార్చి ఆఖరు బ్యాంకులల్ల ఏడాది లెక్కలు మూసే రోజులు, ఆ ఆదివారం కూడా మా బ్రాంచిల అందరికీ డ్యూటీ వేసిండ్రు, ఎవరికీ సెలవు ఇయ్యలేదు. ఆయన, బాబు శనివారం సాయంత్రానికే హన్మకొండకు వస్తరు. పాపకు పట్టు లంగా ఓణి, వదినకు చీర, అన్నయ్యకు బట్టలు అన్నీ నేనే తీసి పెట్టిన, ఆయనతోని పంపుత. బొట్టు పెట్టే దగ్గర నా బదులు ఎవరిని కూసోబెట్టాల్నో మీరే చెప్పండి, మీరు ఎట్లంటే అట్ల. ఏప్రిల్ రెండో శనివారం మాకు సెలవు. ఆ శని, ఆదివారాలు వచ్చి నర్సంపేట పోయి పాపను చూసి వస్త. వదినకు ఇప్పుడే ఫోన్ చేస్తున్న."

పొడవైందా? అయింది. మన సొంత ఇంటి కార్యం, అందులో మనకు స్థానమున్న కార్యం కాబట్టి ఇంత కావాలి. ఇప్పుడు హాల్లో ఎవరైనా అడిగితే అత్తమ్మ ఇట్లా అంటుంది: "బ్యాంకుల లెక్కలు మూసే రోజులట, ఎవ్వరికీ సెలవియ్యలేదట. బట్టలన్నీ అదే తీసి పంపింది, వచ్చే నెల వస్తనన్నది." ఆమె నోటికి ఈ మాటలన్నీ మెసేజ్ నుంచే వచ్చాయి. ముఖ్యంగా "అదే తీసి పంపింది" అన్నది ఆమె కాస్త గొంతు పెంచి చెప్తుంది, చూడండి.

ఇందులో ఏ మాట ఎందుకుందో చెప్పరా?

మూడు చోట్ల ఆగుదాం.

కారణం దగ్గర "పని ఉంది" పోయి "ఏడాది లెక్కలు మూసే రోజులు, అందరికీ డ్యూటీ" వచ్చింది. ఆదివారమే కదా అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఇది కల్పించిన సాకు కూడా కాదు. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. 2024లో ఆ తేదీ ఆదివారం పడితే, ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకు శాఖలను ఆ రోజు తెరిచి ఉంచమని రిజర్వ్ బ్యాంకే చెప్పింది. "నాకు ఇయ్యలేదు" అనకుండా "ఎవరికీ ఇయ్యలేదు" అనడంలో తేడా ఉంది. నాకు ఇవ్వలేదంటే గట్టిగా అడగలేదేమో అనుకుంటారు. ఎవరికీ ఇవ్వలేదంటే ఆ మాట అక్కడితో ఆగుతుంది. మీ ఉద్యోగం వేరైతే కారణం వేరవుతుంది, కానీ పద్ధతి ఇదే. ఆ రోజే ఎందుకు, మీరే ఎందుకు అన్న రెండింటికీ ఒక్క వాక్యంలో జవాబు దొరకాలి.

"నా బదులు ఎవరిని కూసోబెట్టాల్నో మీరే చెప్పండి" అన్నది రెండో చోటు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. సాయం చేస్తున్నామనుకొని "నా బదులు మా యారాలు కూర్చుంటది" అని వాళ్లే తేల్చేస్తారు. ఎవరు కూర్చోవాలన్నది అత్తమ్మ, వదిన తేల్చుకోవాల్సిన సంగతి. యారాలికీ వదినకూ మాట పట్టింపులుండొచ్చు, చిన్నత్తమ్మను కూర్చోబెడితే పెద్దత్తమ్మకు కోపం రావొచ్చు. ఆ లెక్కలన్నీ అత్తమ్మకు తెలుసు. ఖాళీ మీ వల్ల వచ్చిందని ఒప్పుకోండి, నింపే అధికారం ఆమెకే వదిలేయండి. "మీరు ఎట్లంటే అట్ల" అన్న మాట పెద్దరికాన్ని ఆమె చేతిలోనే ఉంచుతుంది.

మూడోది వచ్చే తేదీ. "తర్వాత ఎప్పుడైనా వస్త" అంటే ఎవరూ నమ్మరు. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవని అత్తమ్మకూ తెలుసు కాబట్టి "ఏప్రిల్ రెండో శనివారం" అంటే నమ్ముతుంది. ఒక్కటే ఇబ్బంది, ఆ రోజు పోకపోతే ఈ మెసేజ్ మొత్తం అబద్ధమైపోతుంది. ఖాయంగా పోగలిగిన తేదీ లేకపోతే ఆ వాక్యమే రాయొద్దు.

"సారీ" ఎక్కడికి పోయిందని అడగొచ్చు. "అదే నాకు బాధ" అన్నచోట ఉంది. కొన్ని ఇళ్లలో అత్తమ్మకు కోడలు సారీ చెప్పడం మామూలే, అక్కడ చెప్పొచ్చు. ఊరికే చివర్లో తగిలిస్తే మాత్రం ఫోన్ పెట్టేస్తున్నట్టు ఉంటుంది.

ఆడబిడ్డకు కూడా ఇదే మెసేజ్ పంపొచ్చా?

కాపీ కొట్టి పంపొద్దు. తల్లీకూతుళ్లు ఒకరి ఫోన్ ఒకరు చూసుకుంటారు, అక్షరం తేడా లేకుండా ఉంటే నవ్వుకుంటారు. వదినకు ఫోన్ చేసి, ఆ తర్వాత చిన్నగా:

"వదినా, పాప ఫంక్షన్‌కు నేను లేకపోవుడు నాకే మంచిగనిపిస్తలేదు. ఓణి రంగు పాపకు నచ్చుతదో లేదో, మార్చాల్నంటే శుక్రవారం లోపు చెప్పు, నేనే మార్పిచ్చి పంపుత. కూసోబెట్టే సంగతి అత్తమ్మతోని చెప్పిన. పాపకు నేను విడిగ ఫోన్ చేస్త."

వదినకు కారణం మళ్లీ విప్పి రాయనవసరం లేదు, ఫోన్‌లో చెప్పారు. ఆమెకు ఆ వారం వంద పనులుంటాయి. మీ వైపు పని ఆగదని తెలిస్తే చాలు. అవును, పాపకు ఫోన్ చేయడం మరిచిపోవద్దు. ఫంక్షన్ తనదే, కానీ ఎవరూ తనకు చెప్పరు.

అసలు కారణం చెప్పలేనిదైతే?

ఇది మెసేజ్‌లో వచ్చే కష్టాల్లో అన్నిటికంటే కష్టం. ఒక్కో రకం ఒక్కోలా ఉంటుంది.

మూడో నెల దాటకుండా ఎవరికీ చెప్పొద్దనుకున్న కడుపు, నడుస్తున్న ట్రీట్‌మెంట్, ఇటువంటివి రాతలో పెట్టొద్దు. మెసేజ్ ఎవరి చేతికి పోతుందో తెలియదు. అత్తమ్మకు చెప్పాలనుకుంటే ఫోన్‌లో ఆమె ఒక్కదానికే చెప్పి, "ఎవరన్న అడిగితే ఒంట్లో బాగలేదని చెప్పండి అత్తమ్మా" అని మీరే జవాబు అందించండి. ఆమెకు కూడా చెప్పకూడదనుకుంటే, "ఒంట్లో బాగలేదు, డాక్టర్ ఇప్పుడు ప్రయాణం వద్దన్నది" అన్నంత వరకే, అది నిజమైతేనే. జబ్బు పేరు చెప్పాల్సిన అవసరం లేదు.

నెలసరి రోజుల్లో వ్రతమో పూజో పడితే మా వైపు ఆడవాళ్ల మధ్య "దూరమున్న" అంటే అర్థమవుతుంది. అది అత్తమ్మకు ఫోన్‌లో చెప్పే మాట. మగవాళ్లున్న గ్రూపులో ఎందుకు? ఆ ఆచారం మీరు పాటించకపోయినా, పిలిచిన ఇంట్లో పాటిస్తే సంగతి అత్తమ్మకు తెలియాలి. పోవాలా వద్దా అన్నది ఇద్దరూ మాట్లాడుకుంటారు.

పుట్టింటి వైపు మైల వచ్చినా, చావు జరిగి ఏడాది నిండకపోయినా మరో మాట అక్కర్లేదు. ఒక్క వాక్యం చాలు, దాన్ని ఎవరూ గుచ్చి అడగరు.

డబ్బు. కట్నం, బట్టలు, బంగారం పెట్టే స్థోమత ఈ నెల లేదు, అందుకే రావట్లేదు. ఇది చాలామంది చెప్పని కారణం. నా మాట వింటే, ఇందుకోసమైతే మానకండి, అత్తమ్మతో ముందే చెప్పండి: "అత్తమ్మా, ఈసారి బట్టల వరకే పెట్టగలుగుతం." పెద్దవాళ్లు దీన్ని మనం అనుకున్నంత తప్పు పట్టరు. చెప్పకుండా మానేస్తేనే తప్పు పడతారు.

చివరిది, అక్కడికి వచ్చే ఒకరి ముఖం చూడలేక రాకపోవడం. దాన్ని మెసేజ్‌లో ఎంత మెత్తగా రాసినా గొడవే. లేని డ్యూటీని సృష్టించడం కూడా వద్దు. భర్తతో తేల్చుకొని, అత్తమ్మకు ఫోన్‌లో "ఈసారికి నన్ను వదిలెయ్యండి అత్తమ్మా, వచ్చినప్పుడు కూసొని మాట్లాడుకుందం" అంటే ఆమెకు సగం అర్థమవుతుంది, మిగతా సగం ఆమెకు ముందే తెలుసు.

చిన్న అబద్ధం ఆడితే ఏమవుతుంది?

ఎవరో ఒకరి స్టేటస్‌లో మీ ఫొటో వస్తుంది. అంతే.

కట్నం ఫోన్‌పేలో పంపొచ్చా? ఆ సంగతి మెసేజ్‌లో రాయాలా?

రాయొద్దు. రాలేనన్న మెసేజ్‌లోనే "డబ్బులు పంపిస్తున్నా" అని ఉంటే, రాకపోవడానికి ధర కట్టినట్టుంటుంది. "పైసలు కొట్టి చేతులు దులుపుకున్నది" అనే మాట పుట్టేది అక్కడే. భర్తో, పోయే చుట్టమో ఉంటే కవరు వాళ్లతో పంపండి. ఫంక్షన్ హాల్లో కట్నాలు రాసే పుస్తకం దగ్గర మీ ఇద్దరి పేరుతో రాయించమని చెప్పండి. రేపు మీ ఇంట్లో కార్యమైనప్పుడు వాళ్లు ఆ పుస్తకమే తీసి చూస్తారు, అందులో పేరుండటం ముఖ్యం.

ఎవరూ పోవట్లేదు, ఫోన్‌పే ఒక్కటే దారి అయితే ఫంక్షన్ రోజు పొద్దున పంపి, కింద "పాపకు అత్తమ్మ, మామయ్య ఆశీస్సులు" అని రాయండి. ముందే పంపితే ఇంకా రాలేనన్న మాట చల్లారకముందే డబ్బు పోయినట్టు ఉంటుంది.

గ్రూపులో ఏమీ రాయకూడదా?

రానన్న సంగతి గ్రూపులో రాయొద్దు. ఫంక్షన్ రోజు ఫొటోలు వస్తున్నప్పుడు మాత్రం తప్పకుండా కనబడండి. "పాప ఎంత ముద్దుగున్నది! ఓణి రంగు మంచిగ కుదిరింది" అంటే చాలు. ఆ ఒక్క మాట చూసి హాల్లో ఉన్నవాళ్లు, రాకపోయినా మనసు ఇక్కడే ఉంది అనుకుంటారు. రోజంతా గ్రూపులో మౌనంగా ఉండి సాయంత్రం ఒక బొటనవేలు బొమ్మ పెట్టడం కంటే ఏమీ పెట్టకపోవడం నయం.

అత్తమ్మకు చదవడం కష్టం. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తే అర్థం కాదు.

వాయిస్ మెసేజ్ పెట్టండి, పైన రాసిన క్రమంలోనే. ఒక నిమిషం దాటొద్దు. బండి మీద పోతూ, బస్సులో హారన్ల మధ్య రికార్డు చేయొద్దు. వెనక టీవీ సీరియల్ వినిపిస్తే "పనుందన్నది, టీవీ చూస్తున్నది" అంటారు.

బతుకమ్మకు, మేడారానికి రాలేనన్నప్పుడు కూడా ఇట్లే రాయాలా?

కాస్త తేడా ఉంది. ఫంక్షన్ ఒకరి ఇంటిది, పండుగ అందరిది. సద్దుల బతుకమ్మకు చాలామంది ఆడపిల్లలు పుట్టింటికే పోతారు, అది అందరికీ తెలిసిందే. కాబట్టి "ఈసారి మా అమ్మ దగ్గర ఆడుకుంట అత్తమ్మా, దసరా నాడు పొద్దున వచ్చి జమ్మి ఇచ్చి మీ కాళ్లు మొక్కుత" అంటే నొచ్చుకోరు. మీరు చెప్పకుండా పుట్టింటికి పోయి, ఆడుతున్న వీడియో స్టేటస్‌లో పెడితేనే చిక్కు.

మేడారం సంగతి వేరు. అది మొక్కు. ఇంటిల్లిపాది పోతున్నప్పుడు మీరు రాలేకపోతే, మీ పేరున అమ్మవార్లకు బెల్లం తీసుకుపొమ్మని అడగండి, దానికయ్యేది పంపండి. "వచ్చే జాతరకు వస్త" అని మాత్రం తొందరపడి రాయకండి. జాతర రెండేళ్లకోసారి, రెండేళ్ల తర్వాత అత్తమ్మ ఆ మాట గుర్తు చేస్తుంది.

ఇంత మర్యాదగా రాసినా "నువ్వెప్పుడు గిట్లనే చేస్తవ్" అని జవాబు వచ్చింది. ఏం చేయాలి?

దానికి మెసేజ్‌తో జవాబు ఇవ్వకండి. పోయినసారి వచ్చాను, అంతకుముందు వచ్చాను అని లెక్క తీస్తే ఆమె దగ్గర ఇంకో లెక్క ఉంటుంది. ఆ రోజే ఫోన్ చేసి ముందు ఆమెను మాట్లాడనివ్వండి. సాధారణంగా బయటికి వచ్చేది ఈ ఫంక్షన్ సంగతి కాదు. పోయిన సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర బోనం ఎత్తేటప్పుడు మీరు లేరన్నదో, చిన్నత్తమ్మ ఏదో అన్నదన్నదో వస్తుంది. అది విన్నాక "అవును అత్తమ్మా, అప్పుడు నేనుండాల్సింది" అనగలిగితే అనండి, అనలేకపోతే విని ఊరుకోండి. రాలేనన్న మాట మాత్రం మార్చొద్దు. గట్టిగా అన్నందుకు మనసు మార్చుకొని "సరే వస్త" అని, మళ్లీ శనివారం రాత్రి రాలేకపోతే ఈసారి మీరు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు.

ఒక రాత్రి ఆగండి. మరునాడు పొద్దున చాయ్ తాగే టైముకు ఫోన్ చేయండి. మెసేజ్ సంగతి ఎత్తొద్దు, పని సంగతి అడగండి: "అత్తమ్మా, వదినవాళ్లకు బట్టలతోని పాటు పండ్లు, మిఠాయి ఎన్ని పళ్లెంలు పెట్టాలె? ఆయనతోని ఇక్కన్నించే పంపాల్నా, హన్మకొండల తీసుకుంటరా?" ఆమె పళ్లెంల లెక్క చెప్పడం మొదలుపెడుతుంది.